బొమ్మ బంతికి బరువెక్కడిది?

చేత్తో గీసే యానిమేషన్‌లో వాడిన కాగితం ఏదైనా ఎప్పుడైనా చేతికి దొరికితే, బొమ్మను చూసి పక్కన పెట్టేయకండి. దాని అంచున ఒక నిలువు గీత ఉంటుంది. దాన్ని అడ్డంగా కోస్తూ చిన్న చిన్న గీతలు, ఒక్కో గీత పక్కన ఒక అంకె. పైచివరి అంకెకీ, కిందిచివరి అంకెకీ చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. మధ్యలో గీతలు ఒకచోట ఒత్తుగా, మరోచోట ఎడంగా, మెట్లు సరిగా అమరని నిచ్చెనలా కనిపిస్తాయి. ఈ గీతలు తెర మీదికి రావు, ప్రేక్షకుడికి వాటి ఊసే తెలియదు. అయినా ఆ బొమ్మలోని ఏనుగు నేలను అదిమి నడిచిందా, గాలి నింపిన ఏనుగులా తేలిందా అన్నది తేలేది అక్కడే.

దీన్ని స్టూడియోల్లో టైమింగ్ చార్ట్ అంటారు, కొందరు స్పేసింగ్ చార్ట్ అంటారు. ఎక్కువమంది ఒట్టి 'చార్ట్' అనేస్తారు. ఇది ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు ఒక లెక్క చూడాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. గంటన్నర సినిమా అంటే 1,29,600 ఫ్రేములు. ఇన్ని బొమ్మలు ఒక మనిషి గీసే పని కాదు. అందుకే 1930లలో డిస్నీ లాంటి స్టూడియోల్లో పని వాటాలు పడింది. చేయి తిరిగిన యానిమేటర్ కదలికలోని ముఖ్యమైన భంగిమలు మాత్రం గీస్తాడు. వీటిని కీలు అంటారు. వాటి మధ్య పడాల్సిన బొమ్మలను సహాయకులు గీస్తారు. ఆ మధ్య బొమ్మలు ఇన్‌బిట్వీన్లు, వాటిని గీసేవారు ఇన్‌బిట్వీనర్లు. యానిమేటర్ తన బల్ల దగ్గర తాను గీసి వెళ్లిపోతాడు, సహాయకుడు మరో గదిలో కూర్చుని పూర్తి చేస్తాడు. "ఈ రెండు బొమ్మల మధ్య ఎన్ని బొమ్మలు వెయ్యాలి? ఏది దేనికి దగ్గరగా ఉండాలి?" అని అతను అడగకుండానే జవాబు అందాలి. కాగితం అంచున ఉన్నది ఆ జవాబే.

అందులో ఉన్న ప్రశ్నలు రెండని గమనించండి. ఎన్ని అన్నది టైమింగ్. ఎక్కడ అన్నది స్పేసింగ్. కొత్తవాళ్లు ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. రిచర్డ్ విలియమ్స్ 2001లో వేసిన 'ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్' పుస్తకంలో ఈ తేడాను ఒక నాణెంతో చూపిస్తాడు. ఒక నాణెం ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒక సెకనులో జరుగుతుంది. సమాన దూరాల్లో జరిపితే ఒకలా ఉంటుంది. మొదట్లో కాస్త కాస్త, నడుమ పెద్ద పెద్ద అంగలు, చివర మళ్లీ కాస్త కాస్తగా జరిపితే మరోలా ఉంటుంది. రెండూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరతాయి, ఫ్రేముల సంఖ్యలో ఇసుమంత తేడా లేదు. చూసేవాడికి మాత్రం మొదటిది యంత్రం లాగినట్టు, రెండోది ఎవరో వేలితో నెట్టి ఆపినట్టు ఉంటుంది. బరువు, బలం, ఇష్టాయిష్టాలు అన్నీ ఆ ఎడాల్లోనే ఉన్నాయి.

ఇక అసలు పాఠానికి వద్దాం. యానిమేషన్ ఎక్కడ నేర్చుకున్నా మొదటి వారం బంతి పడుతుంది, లేస్తుంది. అది చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది గానీ, ఇక్కడ తడబడినవాళ్లు తర్వాత మనిషిని నడిపించలేరు.

పడే వస్తువు సంగతి గెలీలియో తేల్చేశాడు. సమానమైన కాలవ్యవధుల్లో అది పడే దూరాలు 1, 3, 5, 7, 9 ఇలా బేసి సంఖ్యల నిష్పత్తిలో పెరుగుతాయి. దీన్ని ఫ్రేముల్లోకి దించుకుందాం. సెకనులో 24వ వంతులో, అంటే ఒక ఫ్రేములో, చేతిలోంచి వదిలిన వస్తువు పడేది 0.85 సెంటీమీటర్లు, సెంటీమీటరు కూడా కాదు. ఆ తర్వాత లెక్క తేలిక. గడిచిన ఫ్రేముల సంఖ్యను దానితోనే హెచ్చించి, 0.85తో గుణిస్తే ఎన్ని సెంటీమీటర్లు పడిందో వస్తుంది. 6 ఫ్రేములకు 30 సెంటీమీటర్ల పైచిలుకు, 12 ఫ్రేములకు 122. ఒక సెకను నిండితే 4.9 మీటర్లు, ఒకటిన్నర అంతస్తు ఎత్తు.

ఈ సూత్రంతో మన బంతి చార్ట్ గీద్దాం. సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మనిషి ఛాతీ దగ్గర్నుంచి బంతిని వదిలాం. నేలను తాకడానికి 12 ఫ్రేములు, అర సెకను. చేతి యానిమేషన్‌లో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు. దీన్ని 'ట్వోస్' మీద చేయడం అంటారు. అందువల్ల బొమ్మలకు 1, 3, 5, 7, 9, 11, 13 అని బేసి అంకెలు పడతాయి. 1 చేతిలో ఉన్న బంతి, 13 నేలను తాకిన బంతి. ఈ రెంటికీ సున్నాలు చుడతాం. మధ్య ఐదు ఎక్కడ పడాలి? 3వ బొమ్మ మూడున్నర సెంటీమీటర్ల దగ్గర, చేతిలోంచి అప్పుడే జారినట్టు. 5వది 14 దగ్గర. 7వది 30 దగ్గర. 9వది 54, 11వది 85, చివరికి 13వది 122. చార్ట్‌లో పైన గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి, కింద బారెడు బారెడు దూరంలో ఉంటాయి.

ఇందులో 7వ బొమ్మను గుర్తుపెట్టుకోండి. కాలం సరిగ్గా సగం అయింది, బంతి మాత్రం పావు వంతు దూరమే పడింది. ఏ ఎత్తు నుంచి పడినా ఇది మారదు. సగం సమయానికి పావు దూరం. టీవీలో ఏదో పడటం చూసి "ఎందుకో తేడాగా ఉందే" అనిపించినప్పుడు చూడాల్సింది ఇదే. మధ్య బొమ్మ సగం దూరం దగ్గర ఉంటే ఆ వస్తువు పడటం లేదు, ఎవరో దింపుతున్నారు.

హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్పే ఓ మాస్టారు విద్యార్థుల వెనకాల నిలబడి అడిగే ప్రశ్న కూడా ఇదే: "ఏమ్మా, బంతి పడుతోందా, నువ్వు దింపుతున్నావా?" ఆ పిల్ల నవ్వి, "దింపుతున్నాను సార్" అని 7వ బొమ్మను పైకి జరిపింది. అంతే, పక్కనున్నవాళ్లకు కూడా బంతి ఒక్కసారి పడటం మొదలుపెట్టినట్టు అనిపించింది. మిగతా బొమ్మల్లో దేన్నీ ఆమె ఇంకా ముట్టుకోనేలేదు.

ఇంతవరకూ బరువు మాటే రాలేదు, చూశారా? ఇనుప గుండు అయినా, రబ్బరు బంతి అయినా గాలి అడ్డు పెద్దగా లేనప్పుడు ఒకే చార్ట్ మీద పడతాయి. కొత్త యానిమేటర్లకు ఇది మింగుడు పడదు. గుండు బరువైనది కదా అని దానికి 8 ఫ్రేములే ఇస్తారు. అప్పుడు గుండు బరువుగా అనిపించదు. దాన్ని ఎవరో నేలకేసి కొట్టినట్టు ఉంటుంది, లేదంటే అది తక్కువ ఎత్తు నుంచి పడిన చిన్న వస్తువులా మారిపోతుంది. బరువు కనిపించేది పడేటప్పుడు కాదు, నేల తగిలాక.

రబ్బరు బంతి 12 ఫ్రేముల్లో పడితే 10 ఫ్రేములు పైకి లేస్తుంది, 10 ఫ్రేముల్లో కిందికి వస్తుంది. అంటే 85 సెంటీమీటర్ల దాకా ఎగిరింది. తర్వాత 8 పైకి, 8 కిందికి. ఆ తర్వాత ఏడేసి, ఆరేసి. ప్రతి ఎగురు ముందుదానికన్నా కురచ, ప్రతి ఎగురుకూ ఫ్రేములు తక్కువ. చార్ట్ మాత్రం తిరగబడి అదే: పైకి లేచేటప్పుడు కింద ఎడంగా, శిఖరం దగ్గర ఒత్తుగా. ఇప్పుడు షాట్‌పుట్ గుండును మట్టినేల మీద వదలండి. అదే 12 ఫ్రేములు. తర్వాత లేస్తే ఒక రెండు ఫ్రేములు లేస్తుంది, మూడు నాలుగు సెంటీమీటర్లు. రెండు ఫ్రేముల్లో పడి అక్కడే కూర్చుంటుంది. రెండు బొమ్మల్లోనూ గుండ్రటి వృత్తమే ఉంది, రంగు కూడా ఒకటే అనుకుందాం. తేడా అంతా నేల తగిలిన తర్వాతి ఫ్రేముల లెక్కలోనే ఉంది.

మరి గాలిబుడగ? అక్కడ గాలి అడ్డుపడుతుంది. బుడగ కొద్ది సేపట్లోనే తన గరిష్ఠ వేగానికి వచ్చేసి, అక్కడి నుంచి ఒకే వేగంతో దిగుతుంది. అదే ఎత్తు దిగడానికి సెకను దాకా, ఒక్కోసారి ఆపైనా పడుతుంది. చార్ట్‌లో పైన రెండు మూడు గీతలు ఒత్తుగా ఉండి, ఆ తర్వాత అన్నీ సమాన దూరాలే. కంటికి సమాన ఎడం అంటే తేలిక, పెరిగే ఎడం అంటే పతనం. బరువైన వస్తువును పొరపాటున సమాన ఎడాల్లో దింపితే అది నీళ్లలో మునుగుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. చూసేవాడు లెక్క కట్టడు, కానీ పుట్టినప్పటినుంచీ పడే వస్తువుల్ని చూస్తూనే ఉన్నాడు. వాడి కన్ను మోసపోదు.

ట్వోస్ మీద చేసినప్పుడు ఇంకో చిక్కు ఉంది. 11వ బొమ్మకూ 13వ బొమ్మకూ మధ్య దూరం 37 సెంటీమీటర్లు. బంతి వెడల్పు పది సెంటీమీటర్లే అయితే రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి ఎక్కడా తాకవు. కన్ను వాటిని కలుపుకోలేక, ఒక బంతి కదిలినట్టు కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి మెరిసినట్టు చూస్తుంది. దీన్ని స్ట్రోబింగ్ అంటారు. అందుకు రెండు మందులున్నాయి. ఒకటి, ఆ చివరి భాగంలో ఒక్కో ఫ్రేముకు ఒక్కో బొమ్మ గీయడం, అంటే 'వన్స్' మీదికి మారడం. అప్పుడు 12, 10, 8 అంకెల బొమ్మలు కూడా వచ్చి చేరతాయి. రెండోది, వేగం ఎక్కువున్న చోట బంతిని కదిలే దిశలో సాగదీసి గీయడం. పాత కార్టూన్లలో బంతి కోడిగుడ్డులా సాగడం చూసి అది రబ్బరు కాబట్టి అనుకుంటాం. చాలాసార్లు అది రెండు బొమ్మల మధ్య ఖాళీని పూడ్చడానికి చేసిన పని. సాగితే సాగింది గానీ, శిఖరం దగ్గర మాత్రం గుండ్రంగానే ఉండాలి. అక్కడ వేగమే లేదు కదా.

ఇక చార్ట్ గీసే అలవాటు సంగతి. సహాయకుడికి రెండు బొమ్మల మధ్య సగం కనిపెట్టడం తేలిక. లైట్ బాక్స్ మీద రెండు కాగితాలూ ఒకదానిపై ఒకటి పెడితే నట్టనడుమ ఎక్కడో కన్ను చెప్పేస్తుంది. మూడో వంతు, ఐదో వంతు అంటే మాత్రం కష్టం, ఒక్కొక్కరికి ఒక్కోచోట పడుతుంది. అందుకని చార్టులన్నీ వీలైనంతవరకు సగాల మీద నడుస్తాయి. మొదటి బొమ్మకూ చివరి బొమ్మకూ నడుమ ఒకటి. దానికీ మొదటిదానికీ నడుమ మరొకటి. మళ్లీ దానికీ మొదటిదానికీ నడుమ ఇంకొకటి. ఇలా ఒక కీ వైపు సగాలు చేసుకుంటూ పోతే అక్కడ బొమ్మలు ఒత్తుగా పోగుపడతాయి. అంటే కదలిక నెమ్మదిగా బయల్దేరుతుంది. చివరి కీ వైపు పోగుచేస్తే నెమ్మదిగా ఆగుతుంది.

ఈ సగాల పద్ధతి పడే వస్తువుకు సరిపోదు, ఇది చాలామంది పట్టించుకోరు. 1 నుంచి 9 వరకు ఉన్న ఒక చిన్న కదలికను తీసుకుని మొదటి కీ వైపు సగాలు చేశామనుకోండి. మధ్య బొమ్మలు దూరంలో ఎనిమిదో వంతు, పావు, సగం దగ్గర పడతాయి. చివరి అంగ ఒక్కటే మొత్తం దూరంలో సగం. నిజంగా పడే వస్తువైతే అవే బొమ్మలు పదహారో వంతు, పావు, సగం దాటి కాస్త, ఇలా ఉండాలి. తేడా చిన్నదే. అయితే సగాల చార్ట్‌లో మొదటి రెండు అంగలూ సమానంగా ఉండి, తర్వాత ఒక్కసారి దూకుతాయి. కంటికి అది పతనంలా కాక, కొరడా విసిరినట్టు కనిపిస్తుంది. వేలు చూపించడానికో, తల చటుక్కున తిప్పడానికో అది అద్భుతంగా పనికొస్తుంది. బంతికి మాత్రం వద్దు. పని తెలిసిన యానిమేటర్ అలాంటిచోట పావు దగ్గరి బొమ్మను తానే గీసి ఇచ్చేస్తాడు, మిగతావి సహాయకుడికి వదులుతాడు. ఆ నడిమి బొమ్మను బ్రేక్‌డౌన్ అంటారు, దాని అంకె కింద గీత గీసే అలవాటు ఉంది.

మనిషి విషయానికి వస్తే లెక్క మారుతుంది, ఎందుకంటే మనిషి పడడు, తానుగా కదులుతాడు. ఫ్రేముల సంఖ్య మారితే మనసులో మాట మారిపోతుందని చెప్పడానికి డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకం 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్'లో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక తల కుడి భుజం వైపు నుంచి ఎడమ భుజం వైపుకు తిరుగుతుంది. కీలు రెండే, అవే బొమ్మలు. మధ్యలో ఒక్క బొమ్మ కూడా లేకపోతే ఏదో మహాశక్తి తల తెగిపోయేంతగా కొట్టినట్టు. ఒకటి వేస్తే ఇటుకో, అప్పడాల కర్రో తగిలినట్టు. రెండు మూడు వేస్తే నరం లాగినట్టు, దెబ్బ తప్పించుకున్నట్టు. నాలుగైతే ఎవరికో గట్టిగా ఆజ్ఞ ఇస్తున్నట్టు. ఆరైతే అందమైన అమ్మాయిని చూసినట్టు. ఎనిమిదైతే అటకమీద దేనికోసమో వెతుకుతున్నట్టు, తొమ్మిదైతే ఆలోచిస్తున్నట్టు, పదైతే పట్టేసిన మెడను సాగదీస్తున్నట్టు. ముఖంలో హావభావాలు ఇంకా వేయనే లేదు.

ఈ జాబితాను మక్కీకి మక్కీ పాటించే విద్యార్థుల్ని చూస్తుంటే నవ్వొస్తుంది. ఆరు బొమ్మలు వేస్తే ఆరు రకాలుగా వేయొచ్చు కదా. ఆరూ సమానంగా వేస్తే ఆ అమ్మాయిని చూసిన తల కాస్తా గోడమీద కెమెరాలా తిరుగుతుంది. మొదట ఒత్తుగా, నడుమ ఒకే పెద్ద అంగ, చివర మళ్లీ ఒత్తుగా వేస్తే చూపు ఆమె మీద నిలుస్తుంది. సంఖ్య ఒక హద్దు గీస్తుంది, ఆ హద్దులో ప్రాణం పోసేది ఎడం.

బరువు మోయడం గురించి మన వంటింటి వస్తువుతోనే చూద్దాం. నిండు గ్యాస్ సిలిండర్‌ను వంగి ఎత్తే మనిషిని గీయాలి. అందులో 14.2 కిలోల గ్యాస్, దానికి తోడు ఇనుము, మొత్తం దాదాపు 30 కిలోలు. ఖాళీది అందులో సగం. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది నిండుదో చెప్పాల్సింది కదలికే.

ఖాళీ సిలిండర్‌కు చార్ట్ ఇలా ఉండొచ్చు. చేతులు పట్టీని అందుకోగానే, ఒక 6 ఫ్రేములు నడుము కాస్త దిగుతుంది, ఆ వెంటనే 10 ఫ్రేముల్లో సిలిండర్ మోకాళ్ల ఎత్తుకు వస్తుంది. శరీరమూ సిలిండరూ ఇంచుమించు ఒకేసారి బయల్దేరతాయి. పైకి వచ్చాక కాస్త ఎక్కువ ఎత్తుకు పోయి, 4 ఫ్రేముల్లో సరైన చోటికి దిగితే ఇంకా బాగుంటుంది, మనిషి బరువును ఎక్కువ అంచనా వేశాడని అర్థమవుతుంది.

నిండు సిలిండర్‌కు ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ 10 ఫ్రేముల్ని 30 చేసేస్తారు. అప్పుడు మనిషి నీరసంగా, లేదా జాగ్రత్తగా ఎత్తుతున్నట్టు ఉంటుంది, బరువు మాత్రం రాదు. నిజంగా బరువైనది ఎత్తేవాడిని ఒక్కసారి చూడండి. మొదట అతని శరీరం కదులుతుంది, సిలిండర్ కదలదు. చేతులు సాగుతాయి, భుజాలు కిందికి జారతాయి, నడుము వెనక్కి పోతుంది. ఈ భాగానికి ఒక 8 నుంచి 10 ఫ్రేములు ఇవ్వాలి, అందులో సిలిండర్ స్థానం అన్ని బొమ్మల్లోనూ ఒక్కటే. ఆ తర్వాత అది నేల వదులుతుంది. మొదటి నాలుగైదు బొమ్మల్లో వెంట్రుకవాసి ఎడం, తర్వాత కొంచెం కొంచెం పెరుగుతుంది. పైకి రావడానికి ఒక 20 ఫ్రేములు. పైకి రాగానే ఆగదు, ఆగాలంటే కూడా బలం కావాలి కదా. అందుకని మనిషి ఒక అడుగు పక్కకో, వెనక్కో వేసి, శరీరాన్ని దాని కిందికి తెచ్చుకుంటాడు. ఆ అడుగు వేగంగా పడాలి, 6 ఫ్రేములకు మించకూడదు, ఎందుకంటే అతను వేసింది కాదు, బరువు వేయించింది.

అంటే బరువు నెమ్మదిలో లేదు. శరీరం కదిలిన క్షణానికీ వస్తువు కదిలిన క్షణానికీ మధ్య ఉన్న ఆలస్యంలో ఉంది. కింద పెట్టేటప్పుడు కూడా ఇదే. సిలిండర్ దిగుతున్నంతసేపూ శరీరం వెనక్కి వాలి ఉండాలి, నేల తగిలిన తర్వాతే మనిషి పైకి లేవాలి. ఈ రెండూ కలిసి ఒకేసారి జరిగితే ముప్పై కిలోలు అట్టపెట్టె అయిపోతుంది.

వస్తువు ఎంత పెద్దదో చెప్పడంలో కూడా ఫ్రేముల లెక్కకు ఒక ఖచ్చితమైన నియమం ఉంది. మనిషి చలాకీగా నడిస్తే ఒక అడుగుకు 12 ఫ్రేములు, సెకనుకు రెండడుగులు. తీరిగ్గా నడిస్తే 16. వయసు మీద పడ్డవారికి 20 దాకా. పరుగైతే 8, 6. ఇప్పుడు ఘటోత్కచుడిని గీయాలి, మనిషికి నాలుగు రెట్లు ఎత్తు. అతని అడుగుకు ఎన్ని ఫ్రేములు? నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లు. పడే కాలం దూరానికి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి, కాలు ఊగే కాలమూ అలాగే పెరుగుతుంది. 12కు బదులు 24. ఆ సంఖ్య ఇవ్వకుండా మామూలు మనిషి నడకనే పెద్దది చేస్తే, ఘటోత్కచుడు కాస్తా దగ్గరగా నిలబడ్డ మామూలు మనిషి అయిపోతాడు. నమూనా భవనాలను పేల్చి నిజమైనవిగా చూపించే సినిమావాళ్లు కూడా ఇదే నియమం వాడతారు. పదహారో వంతు నమూనా అయితే కెమెరాను నాలుగు రెట్ల వేగంతో, సెకనుకు 96 ఫ్రేములతో నడిపి, 24 మీద చూపిస్తారు. ముక్కలు నింపాదిగా పడతాయి, భవనం పెద్దదైపోతుంది.

ఇప్పుడు కాగితం మీద చార్ట్ గీసేవాళ్లు తక్కువ. కంప్యూటర్‌లో యానిమేటర్ రెండు కీలు పెడితే మధ్యవి అదే నింపేస్తుంది. చార్ట్ పోయి గ్రాఫ్ వచ్చింది. Blender లాంటి సాఫ్ట్‌వేర్‌లో దాన్ని Graph Editor అంటారు. అడ్డంగా ఫ్రేములు, నిలువుగా స్థానం. గీత నిటారుగా లేస్తున్నచోట ఎడాలు పెద్దవి, పడుకున్నచోట ఒత్తు. పాత చార్టును నిద్రలోనైనా చదవగలవాడికి ఇది కొత్తేమీ కాదు.

చిక్కు ఎక్కడంటే, కంప్యూటర్ మీరు అడగకపోయినా ప్రతి కీ దగ్గరా మెత్తగా ఆపి, మెత్తగా కదిలిస్తుంది. Blender మామూలుగా ఇచ్చే Bezier వంపు అలాంటిదే. తలకు, చేతికి అది చాలాసార్లు సరిపోతుంది. బంతికి పెడితే నేల దగ్గరికి రాగానే వేగం తగ్గి, నెమ్మదిగా ఆనుకుని, నెమ్మదిగా లేస్తుంది. విద్యార్థుల పనిలో నూటికి తొంభై బంతులు ఈ కారణంగానే తేలతాయని బల్లగుద్ది చెప్పను గానీ, మొదట చూడాల్సిన చోటు మాత్రం అదే. మందు సులభం. గ్రాఫ్‌లో నేల తాకే కీని ఎంచుకుని, V నొక్కి, వచ్చే జాబితాలో Vector ఎంచుకోవాలి. ఆ బిందువు దగ్గర వంపు పోయి కోసుగా మారుతుంది. పైన శిఖరం దగ్గరి కీని ముట్టుకోకూడదు, అక్కడ మెత్తదనం ఉండాల్సిందే. ఆ తర్వాత శిఖరం నుంచి నేల దాకా సగం కాలానికి పావు దూరమే వచ్చిందా అని చూసుకుంటే పని అయిపోతుంది. రాకపోతే శిఖరం దగ్గరి చేతిపిడిని పొడిగిస్తూ పోవాలి.

ఇంట్లో కంప్యూటర్ ఉన్న ఎవరైనా దీన్ని పరీక్షించి చూడొచ్చు. యూట్యూబ్‌లో నచ్చిన కార్టూన్ పెట్టి, ఆపి, కీబోర్డు మీద చుక్క మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది, కామా మీట నొక్కితే వెనక్కి వస్తుంది. డిస్నీ పాత సినిమా అయితే ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలబడటం, వేగం పెరిగినచోట ఒక్కో ఫ్రేముకు ఒక్కో బొమ్మ రావడం తెలుస్తుంది. జపాన్ టీవీ కార్టూన్లలో మూడేసి ఫ్రేములు నిలబడేవి ఎన్నో కనిపిస్తాయి. ఒకవేళ ఆ వీడియోను సెకనుకు 25 లేదా 30 ఫ్రేములకు మార్చి ఎక్కించి ఉంటే మధ్య మధ్య ఒక ఫ్రేము అదనంగా నిలబడి లెక్క తప్పుతుంది, అది గీసినవాళ్ల తప్పు కాదు.